దారి చూసుకొనవలయును

పాత ఉత్తరాలను ఇప్పటి తెలుగులోకి మార్చడమంటే పాత అక్షరాలను పోల్చుకోవడం, వాడుకలో లేని మాటలకు అర్థం వెతకడం అనుకుంటాం. ఆ పనికి ఓపిక కావాలి, అంతే. అందులో ధర్మసందేహం ఏమీ లేదు. సందేహం ఇంకోచోట ఉంది. మాట చెప్పింది ఒకరు, కాగితం మీద పెట్టింది ఇంకొకరు, చదివి వినిపించింది మరొకరు, విన్నది నాలుగో మనిషి అయినప్పుడు ఆ మాటకు అర్థం ఎవరి దగ్గర ఉన్నట్టు? మనం తెలుగు చేయాల్సింది ఎవరి మాటను? ఇద్దరికీ చదువు వచ్చిన ఇళ్లలో ఈ ప్రశ్న రాదు. మన తాతల కాలంలో తాండాలో, గూడెంలో ఉత్తరం అంటేనే నలుగురి చేతుల మీదుగా నడిచే వ్యవహారం. కాబట్టి మనకు ఈ ప్రశ్న తప్పదు.

మా దాది రేకుపెట్టెలో ఏడు ఉత్తరాలు ఉన్నాయి. అన్నీ నీలిరంగు ఇన్‌లాండ్ లెటర్లే. మా దాదా నాగార్జునసాగర్ డ్యాం పనిలో ఉన్నప్పుడు దేవరకొండ వైపు ఉన్న మా తాండాకు పంపినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతి కట్టడం. అంటే రాయి కొట్టడానికి, మోయడానికి, పేర్చడానికి మనుషులు కావాలి. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి కూలీలు గుంపులుగా పోయారు, మనవాళ్లూ పోయారు. దాదాకు చదువు లేదు, దాదికీ లేదు. ఆయన గోర్‌బోలిలో అనుకున్నది తనకు వచ్చిన తెలుగులో చెప్పేవాడు. మేస్త్రీ దగ్గర లెక్కలు రాసే గుమాస్తా దాన్ని తన తెలుగులో రాసేవాడు. ఇక్కడ పక్క ఊరి పోస్టుమాన్ తాండాకు వచ్చి, వేపచెట్టు కింద నిలబడి, పైకి చదివేవాడు. దాది, దాది అత్తగారు, చుట్టుపక్కల గుడిసెల ఆడవాళ్లు వినేవారు. దాది విన్న తెలుగును మళ్లీ తన మనసులో గోర్‌బోలి చేసుకునేది. మనం ఇప్పుడు సాదా తెలుగులోకి మారుస్తామంటున్న ఉత్తరం అప్పటికే మూడు సార్లు మారిపోయిన ఉత్తరం.

ఏడింటిలో అయిదు గుమాస్తా రాసినవి. ఆయన పాత బడి చదువు చదివిన మనిషి. అరసున్నలు వదలడు, బండి ఱ వదలడు. ‘వచ్చువఱకు’ అని రాస్తాడు, ‘వాఁడు’ అని రాస్తాడు. ఇవి పెద్ద ఇబ్బంది కాదు, సున్నను దాటేసి చదివితే సరిపోతుంది. ఇబ్బంది పెట్టేది వలపలగిలక. ఇప్పుడు మనం ‘ర్’ను ముందు రాసి తర్వాతి అక్షరాన్ని దాని కింద ఒత్తుగా పెడతాం. ఆయన ఆ అక్షరాన్ని రాసి, దాని పక్కన ‘ర్’ కోసం తెలుగు తొమ్మిది అంకెలాంటి గుర్తు పెడతాడు. ‘ఖర్చు’ ఆయన చేతిలో ‘ఖచు౯’ అవుతుంది, ‘నాగార్జున’ ‘నాగాజు౯న’ అవుతుంది. అలవాటు లేని కన్ను దాన్ని అంకె అనుకుంటుంది. మా తమ్ముడి కూతురు ‘ఖచు౯లకు రూ 15’ అన్నదాన్ని తొమ్మిది దేనికో, పదిహేను దేనికో అని చాలాసేపు లెక్కలు వేసింది.

తారీఖులు తేల్చడం దీనికంటే సులువు. ఒక ఉత్తరం నెత్తిన ‘వికారి నామ సం॥ర భాద్రపదం’ అని ఉంది. అరవై ఏళ్ల చక్రంలో వికారి 1959 ఉగాదితో మొదలైంది, కాబట్టి ఇది ఆ ఏడాది వానలు తగ్గే రోజులది. డబ్బు లెక్క కూడా దీనికి సరిపోతుంది. మనియార్డరు గురించి చెబుతూ ‘నయాపైసలు’ అన్నాడు. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో, ‘నయా’ అనే మాట రాలిపోయింది 1964లో. మిగతా ఉత్తరాలను కూడా ఇలాగే, లోపలి మాటలను బట్టి వరసలో పెట్టుకున్నాం.

ఇక అసలు విషయం. గుమాస్తా రాసిన ప్రతి ఉత్తరమూ ఒకేలా మొదలవుతుంది. ‘చి॥ల॥సౌ॥’ అని, దాది పేరు, ‘కి ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి’ అని. భర్త భార్యను ఆశీర్వదించి ఉత్తరం మొదలుపెట్టడం ఆ గుమాస్తా ఇంటి మర్యాద. మా తాండాలో ఏ మగవాడూ పెళ్లాన్ని ఆశీర్వదించడు. ఆశీర్వాదం యాడి చేస్తుంది, బాపు చేస్తాడు, పెద్ద నాయక్ చేస్తాడు. దాదా ఆ మాట అని ఉండడు, అలాంటి మాట ఒకటి పైన రాసి ఉందని ఆయనకు తెలిసి కూడా ఉండదు. దీన్ని సాదా తెలుగులో ఏం చేయాలి? ‘నా ప్రియమైన’ అని మార్చమంది తమ్ముడి కూతురు. అలా మారిస్తే ఒక గుమాస్తా మర్యాదను తీసేసి, సినిమా మర్యాదను తెచ్చి పెట్టినట్టు అవుతుంది. రెండింటిలో ఏదీ దాదాది కాదు. నేను ఆ వాక్యాన్ని మార్చకుండా ఉంచి, పక్కన ‘ఇది రాసినవారి మాట’ అని గుర్తు పెట్టాను.

ప్రేమలేఖలు అన్నాను గదా అని చూస్తే ఈ ఏడింటిలోనూ ప్రేమ అనే మాట ఒక్కచోట లేదు. ఉండే అవకాశం లేదు. చెప్పేటప్పుడు వెనక నలుగురు కూలీలు తమ వంతు కోసం నిలబడి ఉంటారు, రాసేవాడు కోర్ మనిషి, అంటే మనవాడు కాడు, వినేచోట అత్తగారు కూర్చుని ఉంటుంది. అంతమంది మధ్య నుంచి ఒక మాట పెళ్లానికి చేరాలంటే అది గేదె గురించి అయి ఉండాలి, లేకపోతే పాప గురించి అయి ఉండాలి. దాదా అలాగే పంపాడు. మూడో ఉత్తరంలో ఇలా ఉంది: ‘అద్దములు రెండు డజనులు పంపితిని. నేను వచ్చువఱకు కుట్టవద్దు.’ గుమాస్తాకు అద్దాలు దేనికో తెలిసినట్టు లేదు, ఇంకోచోట ‘లంగాకు’ అని రాశాడు. అవి కాంచళికి కుట్టే అద్దాలు. కుట్టవద్దు అనడంలో పిసినారితనం లేదు. ఆ కాంచళిలో తనను మొదట చూడవలసింది తానేనని ఆ మనిషి కోరిక. పోస్టుమాన్ చదివాడు, అత్తగారు విన్నది, ఎవరికీ ఏమీ తప్పుగా తోచలేదు. దాదికి మాత్రం అర్థమైంది.

తమ్ముడి కూతురు ఈ వాక్యాన్ని విప్పి రాయమంది. ‘కొత్త కాంచళిలో నిన్ను ముందుగా నేనే చూడాలి’ అని రాస్తే ఇప్పటి పిల్లలకు అర్థమవుతుంది గదా అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. అర్థం కానప్పుడు మార్చి ఏం లాభం? కానీ దాదా దాచి పంపిన మాటను మనం బయటపెడితే, ఆయన పడ్డ తెలివి మొత్తం పోతుంది. నలుగురి ముందు, ఎవరికీ చిక్కకుండా ఒక మాట పంపడమే ఆ ఉత్తరంలోని ప్రేమ. దాన్ని విప్పేస్తే కోరిక మిగులుతుంది గానీ, ఆ కోరికను మూటగట్టిన చేయి కనపడదు. అందుకని వాక్యాన్ని వాక్యంగానే ఇప్పటి తెలుగులో పెట్టాను: ‘అద్దాలు రెండు డజన్లు పంపాను. నేను వచ్చేదాకా కుట్టవద్దు.’ వేపచెట్టు కింద ఎవరెవరు వినేవారో మాత్రం ఉత్తరాలకు ముందు అర పేజీలో చెప్పాను. ఆ అర పేజీ చదివినవాళ్లకు అద్దాల సంగతి తెలుస్తుంది. చదవనివాళ్లకు అత్తగారికి తెలిసినంతే తెలుస్తుంది.

ఇంత దూరం మేమంతా కాస్త అటూ ఇటూగా ఒక మాట మీదే ఉన్నాం. నాలుగో ఉత్తరం దగ్గర ఇంట్లో గొడవైంది. అదే వికారి భాద్రపదం ఉత్తరం. పైన మామూలు మర్యాద, మనియార్డరు లెక్క, గేదె ఈనిందా అన్న ప్రశ్న అయ్యాక ఈ వాక్యాలు ఉన్నాయి: ‘పని ముగియు జాడ లేదు. ఎప్పుడు వచ్చునది చెప్పజాలను. నీవు దారి చూసుకొనవలయును. అత్తగారి మాట వినవలయును.’

తెలుగులో ‘నీ దారి చూసుకో’ అంటే ఏమిటో అందరికీ తెలుసు. నాతో నీకు పని లేదు, నీ బతుకు నువ్వు వెతుక్కో అని. మా తమ్ముడు అలాగే చదివాడు. రెండేళ్లుగా ఇంటికి రాని మనిషి, ఎప్పుడొస్తాడో తెలియదన్న మనిషి, ఆ తర్వాత వాక్యంలో ఈ మాట అంటే ఇంకేం అర్థం వస్తుంది అన్నాడు. డ్యాం పనికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టినవాళ్ల సంగతులు తాండాల్లో చెప్పుకోవడం ఉంది. తాతను దేవుణ్ని చేయడానికి ఉత్తరాన్ని వంచకండి అన్నాడు.

మా మేనత్త చదువుకోలేదు. ఆ ఉత్తరాల్లో ‘పాప నడుచుచున్నదా’ అని అడిగిన పాప ఆమే. నేను ఆ వాక్యం పైకి చదవగానే ఆమె ఆలోచించకుండా గోర్‌బోలిలో తిరిగి అనేసింది: ‘మార్ వాట్ దేఖ.’ వాట్ అంటే దారి, దేఖ అంటే చూడు. నా దారి చూడు. అంటే నా కోసం ఎదురుచూడు. మన భాషలో ఎదురుచూడడాన్ని దారి చూడడం అనే అంటాం. దాదా అన్నది అదే, గుమాస్తా దాన్ని తెలుగు చేశాడు, అంతే అంది.

ఇలా పెద్దవాళ్లకు వాక్యం చదివి వినిపించి, వాళ్లు దాన్ని మన భాషలోకి ఎలా తిప్పుతారో చూడడం మంచి పద్ధతి. గుమాస్తా తెలుగు కింద పాతుకుపోయిన గోర్‌బోలి వాక్యం చాలాసార్లు అలాగే పైకి వస్తుంది. కానీ ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. మేనత్త దాదా కూతురు. తండ్రి తల్లిని వదులుకోవాలనుకున్నాడని ఏ కూతురు ఒప్పుకుంటుంది? ఆమె చెవి సాక్ష్యం చెబుతోందా, ఆమె మనసు చెబుతోందా అని అడగక తప్పదు. కాబట్టి ఆమె మాటను పక్కన పెట్టి, కాగితం ఏం చెబుతుందో చూశాను.

దారి చూచుట అంటే ఎదురుచూడడం అనే అర్థం తెలుగులో కూడా ఉంది. ‘నీ కోసం దారి చూస్తూ కూర్చున్నా’ అని ఇప్పటికీ అంటాం. అంటే గుమాస్తాకు ఆ మాట కొత్త కాదు. తకరారు అంతా ‘కొను’తో వచ్చింది. ‘దారి చూడు’ అంటే ఎదురుచూడు, ‘దారి చూసుకో’ అంటే వెళ్లిపో. ఒక్క ‘కొను’ చేరగానే మాట తలకిందులైంది. మరి ఆ ‘కొను’ దాదా అన్నదా, గుమాస్తా చేర్చిందా? ఆయన రాసిన అయిదు ఉత్తరాల్లోనూ దాదికి చెప్పిన పనులన్నీ ఏరి ఒక కాగితం మీద వేశాను. మొత్తం పదకొండు ఉన్నాయి. తొమ్మిదింటికి ‘కొనవలయును’ ఉంది. జాగ్రత్తగా చూచుకొనవలయును, పైకము పుచ్చుకొనవలయును, సంగతి తెలుసుకొనవలయును. చివరికి ‘గేదెను కట్టుకొనవలయును’ అని కూడా ఉంది. గేదెను కట్టేస్తాం గానీ కట్టుకోం. ఆయన చేతికి అది అలవాటైపోయిన తోక. గౌరవంగా ఉంటుందని తగిలిస్తాడు. అలాంటి చేయి ‘దారి చూడు’ అన్న మాటను కూడా ‘దారి చూసుకొనవలయును’ అనే రాస్తుంది. ఇంకొకటి, వెళ్లిపొమ్మనేవాడు వెంటనే అత్తగారి మాట వినమని ఎందుకంటాడు? తమ్ముడు దీనికి కొంత మెత్తబడ్డాడు, పూర్తిగా ఒప్పుకోలేదు.

దీన్ని తేల్చింది ఆరో ఉత్తరం. అది గుమాస్తా చేతిరాత కాదు. నీళ్లు తగిలితే ఊదాగా మారే పెన్సిల్‌తో, వంకర టింకరగా, పదానికి పదానికి మధ్య ఎడం లేకుండా ఉంది. ‘చి॥ల॥సౌ॥’ లేదు, ఆశీర్వాదం లేదు, ఉభయకుశలోపరి లేదు. దివిలి పండుగకు రాలేకపోయినట్టు ఉంది గనుక నాలుగో ఉత్తరానికి తక్కువలో తక్కువ నెల తర్వాతది. మొదలే ఇలా ఉంది: ‘నువు పంపిన మాట అందింది. నేనట్ల అన్లే. నా తొవ్వ సూడు. యాడిని యాది జేసిన అని సెప్పు.’ చివర ‘ఇది రాసింది పక్క గుడిసె పిలగాడు’ అని ఉంది.

నా తొవ్వ సూడు. ‘నా’ ఉంది, ‘కొను’ లేదు. మార్ వాట్ దేఖ అన్నదానికి అక్షరం అక్షరం సరిపోయే తెలుగు. మేనత్త గెలిచింది, దాదా మనసు తేలిపోయింది. కానీ అదే ఉత్తరం ఇంకో సంగతి కూడా చెబుతోంది. ‘నేనట్ల అన్లే’ అన్నాడంటే, దాది ఎవరి ద్వారానో ‘నన్ను పొమ్మన్నావా’ అని మాట పంపింది. అంటే వేపచెట్టు కింద పోస్టుమాన్ చదివినప్పుడు ఆమె కూడా మా తమ్ముడు చదివినట్టే విన్నది. అన్నాళ్లూ, చంకలో పాపను పెట్టుకుని, మొగుడు తనను వదిలేశాడనే అనుకుంటూ బతికింది. అది కూడా అత్తగారు, ఇరుగుపొరుగు అంతా విన్న తర్వాత.

ఇప్పుడు నాలుగో ఉత్తరంలోని ఆ వాక్యాన్ని సాదా తెలుగులో ఏమని రాయాలి? మేనత్త ‘నా కోసం ఎదురుచూడు’ అని రాయమంటుంది. దాదా అన్నది అదే కాబట్టి అది సత్యమే. కానీ అలా రాస్తే దాది పడ్డ ఆ రోజులు చెరిగిపోతాయి. ఆరో ఉత్తరంలోని ‘నేనట్ల అన్లే’ ఎందుకు వచ్చిందో ఎవరికీ అర్థం కాదు. ఎదురుచూడమన్న ఉత్తరం అందుకుని ఆమె వట్టినే అనుమానపడినట్టు అవుతుంది. మొగుడిని నిర్దోషిని చేయబోయి పెళ్లాన్ని అనుమానపు మనిషిని చేసిన వాళ్లమవుతాం. తమ్ముడు అన్నట్టు ‘నీ బతుకు నువ్వు చూసుకో’ అని రాస్తే ఆమె విన్నది నిలబడుతుంది గానీ, ఆయన అనని మాటను మన చేత్తో మళ్లీ ఆయన నోట్లో పెట్టినట్టు అవుతుంది. గుమాస్తా తెలియక చేసింది మనం తెలిసి చేస్తాం.

అనువాదం అంటే చెప్పినవాడి ఉద్దేశాన్ని చేరవేయడమని పెద్దలు అంటారు. పుస్తకం విషయంలో అది సరిపోవచ్చు. ఉత్తరం ఇద్దరిది. పంపినవాడికి దానిలో ఎంత వాటా ఉందో, అందుకున్నదానికీ అంతే ఉంది. అందుకున్న మనిషి ఆ కాగితం మీద ఏడ్చి ఉంటే, ఆ ఏడుపుకు కారణమైన మాట కూడా ఆ ఉత్తరంలో భాగమే. అది పొరపాటున పుట్టిన అర్థం కావచ్చు, కానీ దాది దానితోనే బతికింది. ఉద్దేశం ఒక్కటే నిజం, విన్నది వట్టి భ్రమ అనడం చెప్పేవాళ్లకు అనుకూలమైన న్యాయం. మనవాళ్లు ఎన్నో ఏళ్లుగా వినేవైపు నిలబడ్డవాళ్లు. కచేరీ కాగితం మీద ఏముందో ఇంకొకరు చదివితే విని, విన్నదాన్ని బట్టి భూమి విడిచినవాళ్లు ఉన్నారు. ‘కాగితం ఉద్దేశం అది కాదు’ అని తర్వాత ఎవరైనా అంటే పోయిన భూమి తిరిగి రాలేదు.

అందుకని ఆ ఒక్క వాక్యాన్ని నేను మార్చలేదు. ఇప్పటి తెలుగులో ‘దారి చూసుకో’ అనే ఉంచాను. చదివే పిల్లలు దాది విన్నట్టే వినాలి, ఆరో ఉత్తరం వచ్చేదాకా ఆమె ఉన్నట్టే ఉండాలి. అడుగున వివరణ ఏమీ పెట్టలేదు. ‘కొను’ సంగతి, ‘వాట్ దేఖ’ సంగతి ఆరో ఉత్తరం తర్వాతనే రాశాను. మేనత్తకు ఇది నచ్చలేదు. ‘పేజీ తిప్పేదాకా మా బాపు చెడ్డవాడుగా ఉండాలా?’ అని అడిగింది. ఉండాలి అన్నాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు, ఆమె ఒప్పుకోకపోవడం కూడా న్యాయమే అనుకుంటాను.

ఆరో ఉత్తరం విషయంలో ఇంకో తగవు నడిచింది. ‘సూడు’ను ‘చూడు’ చేయాలా, ‘అన్లే’ను ‘అనలేదు’ చేయాలా అని. గుమాస్తా ‘వ్రాయునది’ని ‘రాస్తున్నది’ చేశావు గదా, దీన్నెందుకు వదిలేస్తావు అని తమ్ముడు అడిగాడు. నా లెక్క ఇది. ‘వ్రాయునది’ ఇప్పటి పిల్లలకు అడ్డం పడుతుంది. ‘నేనట్ల అన్లే’ ఎవరికీ అడ్డం పడదు, మా ఊళ్లో ఇప్పటికీ అలాగే అంటారు. అర్థమయ్యే మాటను దిద్దడం అనువాదం కాదు, బడిలో పలక మీద కొట్టివేత లాంటిది. పైగా ఈ ఏడింటిలో దాదా గొంతుకు అన్నింటికంటే దగ్గరగా ఉన్నది, బడి సరిగ్గా రాని ఆ పిలగాడి రాతే. ‘యాడిని యాది’ దగ్గర మాత్రం యాడి అంటే అమ్మ అని చెప్పాల్సి వచ్చింది. ఆ పిలగాడి చేతిలో ద, డ ఒకేలా ఉంటాయి. తాండా బయట పెరిగిన పిల్లలు రెండూ ఒకే మాట అనుకుని ముందుకు పోతారు.

ఆ ఉత్తరంలో ఒకచోట మడత మీద కాగితం అరిగిపోయింది. ‘రాత్రిపూట’ అని ఉంది, ఆ తర్వాత అయిదారు అక్షరాలు లేవు, మళ్లీ ‘అద్దాలు కుట్టుకో, ఆగకు’ అని ఉంది. పెన్సిల్ గీత ఒత్తిడి వెనకవైపు ఏమైనా కనపడుతుందేమోనని దీపానికి అడ్డంగా పట్టి చూశాం. ఏమీ దొరకలేదు. తమ్ముడి కూతురు రెండు మూడు మాటలు సూచించింది, అన్నీ బాగానే ఉన్నాయి. మేనత్త నవ్వి, ‘గుమాస్తా లేడు గదా, ఏదో అని ఉంటాడు’ అంది. అక్కడ చుక్కలే పెట్టాం.